పక్కవాళ్ల పిల్లల ఊసు లేకుండా మన పిల్ల డిగ్రీ గురించి రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో డీటీపీ, ఫ్లెక్సీ షాపు. ఇంజనీరింగ్, డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో శుభలేఖల పనికన్నా ఈ పనే ఎక్కువ ఉంటుంది. "మా అమ్మాయి పాసైందండీ, వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టాలి, మేటర్ కాస్త దిద్దిపెట్టండి" అని ఫోన్ చేతికిస్తారు. చదివితే సగం మేటర్ సొంత పిల్ల గురించి, సగం ఊళ్లో మిగతా పిల్లల గురించి ఉంటుంది. ఆ రెండో సగాన్ని తీసేసి, ఖాళీ అయిన చోట పిల్ల పడ్డ శ్రమని ఎలా పెట్టాలో మళ్లీ మళ్లీ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణగా తీసుకున్న పోస్టు ఒక అమ్మ తెచ్చినదే. ఎవరిదో పోల్చుకోకుండా వివరాలు మార్చాను.

గర్వంగా చెప్పుకోవడమే తప్పంటారా?

కాదండీ. చెప్పుకోవాల్సిందే. ఇంట్లో ఒక చదువు పూర్తయితే పదిమందికీ తెలియాలి, అక్షింతలు పడాలి. నేను తీసేయమనేది మీ సంతోషాన్ని కాదు, దాని మధ్యలో నిలబడ్డ పక్కింటి పిల్లాణ్ణి.

నేను ఎవరి పేరూ రాయలేదు. అయినా పోలిక ఎలా అవుతుంది?

మన ఊళ్లలో పేరు అక్కర్లేదు. రాజోలు నుంచి అమలాపురం దాకా ఎవరిని కదిపినా ఏదో ఒక వరస కలుస్తుంది. "లక్షలు పోసి చదివించిన కొందరి పిల్లలు" అని రాస్తే, ఆ కొందరెవరో మీ వీధిలో అందరికీ తెలుసు. వాళ్లూ అదే గ్రూపులో ఉంటారు. ఆ పిల్లాడు మీ అమ్మాయితో కలిసి పదో తరగతి చదివి ఉంటాడు, ఒకే బస్సులో కాలేజీకి వెళ్లి ఉంటాడు. పోస్టు పెట్టింది మీరే అయినా, మర్నాడు రేవు దగ్గరో బస్టాండులోనో అతనికి ఎదురుపడేది మీ అమ్మాయి.

పోలిక ఎక్కువగా చిన్న మాటల్లో దాక్కుంటుంది. "అందరిలా కాకుండా", "మా పిల్ల మాత్రం", "ఒక్కతే", "చేసి చూపించింది", "నోళ్లు మూయించింది", "వాళ్లకే రాలేదు". రాసింది ఒకసారి పైకి చదవండి. ఈ మాటలు వచ్చిన చోటల్లా మీ గొంతు కొంచెం గట్టిపడుతుంది. ఆ వాక్యాల కింద గీత గీయండి. దిద్దాల్సింది వాటినే.

అసలు ఎలా దిద్దాలి? ఒక పోస్టు తీసుకుని చూపిస్తారా?

ఆ అమ్మ తెచ్చిన మేటర్ ఇది:

"మా బంగారుతల్లి బీటెక్ ఫస్ట్ క్లాస్‌లో పాసైంది!!! లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీల్లో చదివిస్తున్న వాళ్ల పిల్లలకే సప్లీలు మిగిలిపోతుంటే, పాలిటెక్నిక్ నుంచి వచ్చిన నా కూతురు అందరి నోళ్లూ మూయించింది. ఆడపిల్లకి అంత చదువెందుకు అన్నవాళ్లకి ఇదే నా సమాధానం. మగపిల్లలు చేయలేనిది చేసి చూపించింది. దేవుడిచ్చిన తెలివి. మేము పడ్డ కష్టానికి ఫలితం దక్కింది."

ఇందులో అమ్మాయి చేసిన పని ఒక్కటైనా ఉందేమో చూడండి. పాసైంది, అంతే. మిగతాదంతా ఇతరులతో లెక్క తేల్చుకోవడం. అమ్మలో ప్రేమ లేక కాదు. ఇన్నేళ్లుగా విన్న సూటిపోటి మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి, అంతే.

పోలిక ఉన్న వాక్యాన్ని నేను ఊరికే కొట్టేయను. కొట్టేస్తే పోస్టు చప్పబడిపోయి, రాసినవాళ్లకి మనసొప్పదు. ప్రతి పోలిక వెనకా రాయకుండా వదిలేసిన ఒక నిజం ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి. "పాలిటెక్నిక్ నుంచి వచ్చిన" అన్న చోట ఆగి అడిగాను: "పాలిటెక్నిక్ నుంచి రావడం వల్ల అమ్మాయికి ఎక్కడ కష్టమైందమ్మా?" ఆవిడకి తెలియదు. కూతురికి ఫోన్ చేశారు.

అమ్మాయి చెప్పింది విన్నాక అసలు విషయం బయటపడింది. డిప్లొమా మూడేళ్లు చదివి ఈసెట్ రాసినవాళ్లు బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. ఇంటర్ మీదుగా వచ్చినవాళ్లు మొదటి ఏడాది చదివిన లెక్కలు వీళ్లు క్లాసులో వినరు, రెండో ఏడాది పాఠమేమో అవన్నీ వచ్చనుకుని మొదలవుతుంది. ఈ అమ్మాయికి లెక్కల పేపర్ పోయింది. సంక్రాంతి సెలవుల్లో సీనియర్ దగ్గర మొదటి సంవత్సరం పుస్తకం తెచ్చుకుని, ఇంటిగ్రేషన్ దగ్గర్నుంచి మళ్లీ చేసుకుంటూ వచ్చింది. సప్లీలో పాసైంది.

తర్వాత ఫైనలియర్ ప్రాజెక్టు గురించి అడిగాను. సివిల్ కదా. కాంక్రీటులో కంకరకి బదులు కొంత భాగం కొబ్బరి చిప్ప ముక్కలు వేస్తే బలం ఎంత వస్తుందో చూశారట. మన దగ్గర చిప్పలకి కొదవ లేదు. కానీ వాటి పీచు గీకాలి, సుత్తితో పగలగొట్టాలి, జల్లెడ పట్టాలి, నానబెట్టాలి, లేకపోతే చిప్ప కాంక్రీటులో నీళ్లు లాగేసుకుంటుంది. 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి, నీళ్లలో ఉంచి, 7 రోజులకి కొన్ని, 28 రోజులకి కొన్ని మెషిన్ కింద పెట్టి నొక్కుతారు. మొదటి విడత దిమ్మలు అనుకున్న బలం రాలేదు. మళ్లీ పోశారు, మళ్లీ 28 రోజులు ఆగారు. సుత్తి దెబ్బ తగిలి అమ్మాయి బొటనవేలి గోరు నల్లబడిందట. అమ్మకి ఆ గోరు గుర్తుంది కానీ ఎందుకైందో ఆ రోజే తెలిసింది.

ఇక పోస్టు తనంతట తానే వచ్చింది:

"మా పెద్దమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్, అక్కణ్ణుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరింది. చేరిన కొత్తలో లెక్కలు బాగా ఇబ్బంది పెట్టాయి. ఒక పేపర్ పోతే, పండగ సెలవుల్లో మొదటి సంవత్సరం పుస్తకం తెచ్చుకుని మొదట్నుంచీ చేసుకుని గట్టెక్కింది. ఆఖరి ఏడాది తన బ్యాచ్‌తో కలిసి కొబ్బరి చిప్పలతో కాంక్రీటు దిమ్మలు పోసింది. మొదటిసారి సరిగా రాకపోతే మళ్లీ పోశారు. పొద్దున్నే మొదటి బస్సుకి క్యారేజీ కట్టిచ్చిన వాళ్ల నానమ్మకి, ఓపిగ్గా చెప్పిన లెక్చరర్లకి, ప్రాజెక్టులో తోడున్న స్నేహితులకి మా నమస్కారాలు. అమ్మా, నిన్ను చూస్తే మాకు చాలా గర్వంగా ఉంది."

ఇందులో గర్వం ఎక్కడా తగ్గలేదు. సప్లీలు మిగిలిన పక్కింటి అబ్బాయి కూడా చదివి లైక్ కొట్టగలడు, ఎందుకంటే లెక్కల పేపర్ పోవడం అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు.

"దేవుడిచ్చిన తెలివి" ఎందుకు తీసేశారు? అది పొగడ్తే కదా?

పొగడ్తే. కానీ చేసిన పనిని చెప్పదు. కారల్ డ్వెక్, క్లాడియా మ్యుల్లర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో అయిదో తరగతి పిల్లలకి బొమ్మల పజిళ్లు కొన్ని ఇచ్చి, బాగా చేశాక కొందరితో "నువ్వు తెలివైనదానివి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడి చేశావు" అన్నారు. తర్వాత కష్టమైన పజిళ్లిచ్చి తడబడనిచ్చారు. తెలివని పొగిడించుకున్న పిల్లలకి ఆ పజిళ్లు ఇంకా చేయాలన్న ఆసక్తి తగ్గింది. తమ మార్కులు తోటివాళ్లకి రాసి చెప్పమంటే ఎక్కువ చేసి రాసినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. అవి చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాలు కాబట్టి 22 ఏళ్ల అమ్మాయికి ఒక్క పోస్టు వల్ల అలాగే జరుగుతుందని నేను అనను. కానీ రేపు ఉద్యోగ ఇంటర్వ్యూల్లో రెండుసార్లు కాదంటే, "దేవుడిచ్చిన తెలివి" అన్న పోస్టు ఆ పిల్లని ఏమీ ఆదుకోదు. "మళ్లీ పోశారు" అన్న మాట ఆదుకుంటుంది.

భగవంతుడికి దణ్ణం పెట్టుకోవాలనుకుంటే వేరే వాక్యంలో పెట్టుకోండి. అంతర్వేది నరసింహస్వామికో అయినవిల్లి వినాయకుడికో మొక్కు ఉంటే అదీ రాయండి. పిల్ల చేసిన పనిని మాత్రం ఆ వాక్యంలో కలిపేయకండి.

"రాత్రింబవళ్లు కష్టపడి" అని రాస్తే చాలదా?

చాలదు. ఆ మాట ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంటుంది, కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు. ఏం చేసింది, ఎప్పుడు, ఏది కుదరలేదు, కుదరకపోతే ఏం చేసింది అని పిల్లనే అడగండి. ఒక్క పని దొరికితే చాలు. పదిహేను పనులు రాస్తే అది బయోడేటా అవుతుంది. అడిగేటప్పుడు "చాలా కష్టపడ్డావా?" అంటే "ఆఁ" అని ఊరుకుంటారు. "ఏ సబ్జెక్టంటే నీకు టెన్షన్?" అని అడిగి చూడండి, పావుగంట చెబుతారు.

సప్లీ సంగతి బయట పెట్టొచ్చా? పెళ్లికెదిగిన పిల్ల కదా!

అది పిల్ల ఇష్టం. పై పోస్టులో ఆ వాక్యం ఉండటానికి కారణం అమ్మాయే "ఉండనీయండి, అదే నేను నిజంగా చేసింది" అనడం. వద్దంటే ఇంకో మాట లేకుండా తీసేయాలి. అప్పుడు "లెక్కలు ఇబ్బంది పెట్టాయి, సెలవుల్లో కూర్చుని నేర్చుకుంది" అంటే సరిపోతుంది. అబద్ధమూ లేదు, గుట్టూ పోలేదు. అనారోగ్యం, ఫీజు కట్టలేకపోవడం, మధ్యలో చదువు ఆపేద్దామనుకోవడం లాంటివాటికీ ఇదే పద్ధతి. అసలు మొత్తం పోస్టుని ముందు పిల్లకి చూపించి, తర్వాతే పెట్టండి. సర్‌ప్రైజ్ చేద్దామని పెట్టిన పోస్టుల మీదే ఇళ్లలో ఎక్కువ అలకలు చూశాను.

ఆడపిల్లకి చదువెందుకన్నారు. వాళ్లకి సమాధానం చెప్పొద్దా?

ఈ ప్రశ్న అడిగినప్పుడు చాలామంది అమ్మల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ బాధ నిజం. కానీ ఆ సమాధానం పోస్టులో పెడితే, పిల్ల పట్టా పెద్దవాళ్ల తగువులో సాక్ష్యం అయిపోతుంది. చదివేవాళ్లంతా "ఎవరన్నారో" అని ఆరా తీస్తారు, అమ్మాయి ఊసు అక్కడితో పోతుంది. అన్నది బావగారో తోడికోడలో అయితే, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట అది. పోస్టులో దానికి బదులు తోడు నిలిచినవాళ్ల గురించి రాయండి. "చదువుకోనీ అమ్మా, నేను చూసుకుంటా అన్న వాళ్ల నానమ్మ" అని రాస్తే కాదన్నవాళ్లకి అర్థం కావాల్సింది అర్థమవుతుంది.

"మగపిల్లలు చేయలేనిది" అన్నది మాత్రం ఎలాగూ ఉంచకండి. ఆ ప్రాజెక్టు బ్యాచ్‌లో మగపిల్లలూ ఉన్నారు, దిమ్మలు మోసింది వాళ్లూ కలిసే.

మా కష్టం రాసుకోకూడదా? ఆస్తి తాకట్టు పెట్టి చదివించాం.

ఒక్క వాక్యం రాయండి, అదీ జరిగింది జరిగినట్టు. "చెరువు దెబ్బతిన్న ఏడాది ఫీజుకి మా అన్నయ్య సాయం చేశారు" అనడం కృతజ్ఞత. "మేము తినీ తినకా చదివించాం, మా అప్పులకి ఫలితం దక్కింది" అంటే పిల్ల చేతిలో పట్టాతోపాటు బిల్లు పెట్టినట్టు. రొయ్యల రేటు పడిపోయినా, గోదావరి పొంగి లంకలో అరటితోట మునిగినా ఇంట్లో ఏం జరిగిందో పిల్లలు చూస్తూనే ఉంటారు. నలుగురి ముందూ గుర్తు చేయనక్కర్లేదు. మీ పెద్దల త్యాగం గురించి రాయాలనిపిస్తే దానికి వేరే రోజు, వేరే పోస్టు.

యూనివర్సిటీ ర్యాంకు, గోల్డ్ మెడల్ వచ్చాయి. అవి కూడా పోలికేనా?

ర్యాంకు అంటేనే వరస కాబట్టి పోలిక అందులో ఎలాగూ ఉంటుంది. దాచనక్కర్లేదు. యూనివర్సిటీ ఇచ్చిన మాటని ఇచ్చినట్టు ఒక్కసారి రాసి ముందుకెళ్లండి. "ఇన్ని వేలమందిని వెనక్కి నెట్టి" అని మీరు చేర్చేదే అదనపు పోలిక. మెడల్ గురించి ఒక వాక్యం, దాని వెనక పని గురించి మూడు వాక్యాలు ఉంటే బాగుంటుంది.

"మా ఇంట్లో తొలి డిగ్రీ" అన్నదాన్ని చాలామంది అడుగుతారు. తాతముత్తాతల నుంచి కాలేజీ గడప తొక్కని ఇల్లయితే అది చరిత్ర, తప్పకుండా రాయాలి. కానీ అదే ఇంట్లో చదువు మధ్యలో ఆపేసిన అన్నో, పెదనాన్న కొడుకో ఉంటే ఆ మాట సూటిగా వాళ్లకే తగులుతుంది. అప్పుడు "మా అమ్మమ్మ వేలిముద్ర వేసేది, ఈ రోజు మనవరాలి పట్టా చేత్తో పట్టుకుని చూసుకుంది" అన్నట్టు పాత తరంతో కలిపి చెప్పండి. మాట బరువు తగ్గదు, ఎవరినీ గుచ్చదు.

పెద్దవాడు డిగ్రీ పూర్తి చేయలేదు. చిన్నదాని పోస్టులో వాడి గురించి ఏం రాయాలి?

నిజంగా ఏదైనా చేసి ఉంటే ఆ పనే రాయండి. వానాకాలం పొద్దున్నే బండి మీద బస్టాండులో దింపేవాడైతే ఆ మాట రాయండి. "అన్నయ్య చదవలేకపోయినా" అన్న "పోయినా" వద్దు. ఏమీ చేయకపోతే కల్పించి రాయకండి, వాడికే ముందు తెలిసిపోతుంది. ఫోటోలో పక్కన నిలబెడితే చాలు.

చిన్నప్పుడు మొద్దు, ఇప్పుడు ఇంజనీరు అని సరదాగా రాయొచ్చా?

వద్దండీ. ఇతర పిల్లలు లేకపోయినా అదీ పోలికే. చిన్నప్పటి ఆ పిల్ల కూడా మీ పిల్లే. "ఎక్కాలు రావడానికి చాలా రోజులు పట్టింది, అయినా లెక్కల పుస్తకం వదల్లేదు" అంటే అదే విషయం గౌరవంగా వస్తుంది.

కామెంట్లలో చుట్టాలే పోలిక తెస్తే ఏం చేయాలి?

తప్పకుండా తెస్తారు. "మావాడూ ఉన్నాడు దేనికి, రోజంతా ఫోనే" అని పిన్నిగారు రాస్తారు. మీరు "అవును పిన్నీ" అన్నా, నవ్వు బొమ్మ పెట్టినా ఆ అబ్బాయి చూస్తాడు. "పిన్నీ, తమ్ముడు మొన్న మా మోటారు బాగుచేసి వెళ్లాడు, వాడికి నా ఆశీస్సులు చెప్పు" అన్నట్టు వాడి మంచి పని ఏదైనా ఒకటి రాయండి. గుర్తు రాకపోతే "థాంక్స్ పిన్నీ" అని ఊరుకోండి. జీతం ఎంత, ప్యాకేజీ ఎంత అని అడిగేవాళ్లకి జవాబు పోస్టు కింద కాదు, ఫోన్లో.

ఫ్లెక్సీకి అంత మేటర్ పట్టదు కదా?

పట్టదు. ఆరడుగుల ఫ్లెక్సీ మీద బండి మీద వెళ్లేవాళ్లు చదవగలిగేది రెండు మూడు లైన్లు. పేరు, కోర్సు, ఒక్క పని: "కొబ్బరి చిప్పల కాంక్రీటుపై ప్రాజెక్టు చేసి సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిన మా అమ్మాయికి ఆశీస్సులు." "సింహం", "నంబర్ వన్" లాంటివి ఫ్లెక్సీ షాపుల పాత ఫైళ్లలో ముందే టైపు చేసి ఉంటాయి. వద్దని మీరే చెప్పాలి.

ఫోటోలో ఏం చూసుకోవాలి?

ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమో దగ్గరగా పెట్టకండి. వాటి మీద హాల్ టికెట్ నంబరు లాంటి వివరాలుంటాయి. పైగా మెమో కనిపిస్తే చదివేవాళ్లు మీరు రాసింది వదిలేసి మార్కులు చూస్తారు, తీసేసిన పోలిక వెనక దారిలో వచ్చేస్తుంది. పని చేస్తున్న ఫోటో ఉంటే అది మేలు. ఆ అమ్మ ఆఖరికి పెట్టింది ల్యాబులో దిమ్మల పక్కన దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో బ్యాచ్ అంతా నిలబడ్డ ఫోటో. మిగతా పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి పెట్టేముందు వాళ్లని అడిగించాను.

ఇప్పటికే పాత పోస్టు పెట్టేశాను. ఇప్పుడెలా?

వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల్లోపు అయితే మెసేజ్‌ని అక్కడే దిద్దుకోవచ్చు, దిద్దినట్టు ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ సమయం దాటితే అందరికీ డిలీట్ చేసి కొత్తది పంపండి. దానికీ గడువుంది కాబట్టి ఆలస్యం చేయకండి. ఫేస్‌బుక్‌లో ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, కానీ పోస్టు చూడగలిగినవాళ్లు పాత మాటల్ని కూడా ఎడిట్ హిస్టరీలో చూడగలరు. మరీ గుచ్చుకునే వాక్యం ఉంటే దిద్దడం కన్నా తీసేసి కొత్తగా పెట్టడమే నయం, వచ్చిన లైకులు పోయినా సరే. ఎవరి గురించి రాశారో వాళ్లు అప్పటికే చదివేసి ఉంటే, పోస్టు మార్చడంతోపాటు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి. వెళ్లేటప్పుడు స్వీటు డబ్బా అమ్మాయి చేత ఇప్పించకండి, మీరే పట్టుకెళ్లండి.